కారణం చెప్పకుండా దూరమైన కొడుకు: ఒక కుటుంబ కౌన్సెలింగ్ కేసు

ఈ కేసు రాయడానికి తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాను. ఊళ్లు, ఉద్యోగాలు, వయసులు, కొన్ని సంఘటనల వివరాలు మార్చాను. కొడుకును నేను ఎన్నడూ కలవలేదు. అతని గురించి ఇక్కడ ఉన్నదంతా తల్లిదండ్రులు చెప్పినది, వారి ఫోన్లలో మిగిలిన సందేశాలు, చివర్లో అతని నుంచి వచ్చిన కొద్ది మాటలు మాత్రమే. అతను తన కథ తానే చెబితే అది వేరుగా ఉండవచ్చు. చదివేటప్పుడు ఆ జాగ్రత్త అవసరం.

పిల్లలు మాట్లాడటం మానేశారని వచ్చే తల్లిదండ్రులు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: ‘కారణం చెప్పమనండి చాలు’. న్యాయమైన కోరికే. కానీ ఆ కోరికను పట్టుకుని బయలుదేరితే పని ఎందుకు ముందుకు సాగదో ఈ కేసులో స్పష్టంగా కనిపించింది. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

తండ్రికి 67 ఏళ్లు, ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. తల్లికి 61. జిల్లా కేంద్రంలో సొంత ఇల్లు, పెన్షను, అప్పులు లేని జీవితం. కొడుకుకు 36, పొరుగు రాష్ట్రంలోని పెద్ద నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూతురికి 32, పెళ్లయి అదే జిల్లాలో ఉంటోంది. కొడుకు తనతో పనిచేసిన వేరే రాష్ట్రపు అమ్మాయిని ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. మొదట కొన్ని నెలలు ఇంట్లో వ్యతిరేకించారు, తరువాత తండ్రే దగ్గరుండి పెళ్లి జరిపించారు. ఒక మనవడు.

తిట్టుకున్న కుటుంబం కాదు. ఆస్తి తగాదా లేదు, తాగుడు లేదు, ఎవరూ ఎవరి మీదా చేయి చేసుకున్న చరిత్ర లేదు. పిల్లాడి మొదటి పుట్టినరోజును కొడుకు ఉన్న నగరంలోనే ఒక హాల్లో చేశారు. ఇటు నుంచి చుట్టాలు పాతికమంది దాకా వెళ్లారు. తండ్రి మాటల్లో, ‘బ్రహ్మాండంగా జరిగింది’. తిరిగి వచ్చిన తొమ్మిదో రోజున కొడుకు నుంచి తెలుగులో టైపు చేసిన ఒక వాట్సాప్ సందేశం వచ్చింది:

‘నాకు మీతో కొంతకాలం మాట్లాడాలని లేదు. మేము ముగ్గురం బాగానే ఉన్నాం. ఫోన్ చేయవద్దు, ఎవరి చేతా చేయించవద్దు.’

గంట తరువాత తల్లి ఫోన్ చేస్తే కలవలేదు. ఇద్దరి నంబర్లూ బ్లాక్ చేశాడు. వారు నా దగ్గరకు వచ్చేసరికి అలా 14 నెలలు గడిచాయి.

వచ్చిన సమస్య

ఇద్దరినీ తీసుకువచ్చింది కూతురు. తండ్రి ఒక ప్లాస్టిక్ ఫైలు తెచ్చారు. అందులో కొడుకు చదువుకు కట్టిన ఫీజుల రసీదులు, ఇంటి కొనుగోలుకు తాను పంపిన డబ్బు వివరాలు, సందేశాల ప్రింటవుట్లు తారీఖుల వరుసలో ఉన్నాయి. కోర్టుకు వచ్చినట్టు వచ్చారు. తల్లి పెద్దగా మాట్లాడలేదు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోందని, బట్టలు వదులయ్యాయని, గుడికి వెళ్తే ఎవరో ఒకరు ‘మీ అబ్బాయి ఎలా ఉన్నాడు’ అని అడుగుతారని వెళ్లడం మానేశానని చెప్పింది. ఒకసారి మాత్రం, ‘చచ్చిపోయినా వస్తాడో రాడో’ అంది.

ఆ ఒక్క మాట వల్ల నా మొదటి పని కొడుకు సంగతి కాకుండా పోయింది. ఆమెతో ఒంటరిగా కూర్చుని సూటిగా అడిగాను: చనిపోవాలని ఆలోచన వస్తోందా, ఎలా అని ఎప్పుడైనా అనుకున్నారా, ఇంట్లో దగ్గర ఏముంది? ఆలోచన వస్తోంది, పథకం లేదు. నిద్ర మాత్రలను కూతురి దగ్గర పెట్టించాను, సైకియాట్రిస్టు దగ్గరకు పంపాను, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ సేవ్ చేయించాను. డిప్రెషన్‌కు మందులు మొదలయ్యాయి. ఈ వరుస కావాలనే పెట్టుకున్నాను. నిద్ర లేని మనిషి రాసే ఉత్తరాన్నీ, చేసే ఫోన్‌నూ ఆత్రమే నడిపిస్తుంది. ఆ తరువాత దిద్దుకోవడం కష్టం.

వారు అప్పటికే చేసినవి

14 నెలల్లో వాళ్లు ఊరికే కూర్చోలేదు. కొత్త సిమ్ తీసుకుని ఫోన్ చేశారు. కొడుకు ‘హలో’ అని, తల్లి గొంతు వినగానే పెట్టేసి, ఆ నంబరు కూడా బ్లాక్ చేశాడు. మేనమామను పంపారు. ఆయన ఆఫీసు బయట పట్టుకుని మాట్లాడితే, ‘మామయ్యా, మీ మీద నాకు కోపం లేదు, ఈ విషయం మాత్రం వద్దు’ అన్నాడట. కోడలి తల్లిదండ్రులకు ఫోన్ చేసి ‘మీ అమ్మాయికి కాస్త చెప్పండి’ అన్నారు. ఆ తరువాత వియ్యాలవారూ ఫోన్ ఎత్తడం మానేశారు. కూతురి ఫోన్ నుంచి తల్లికి గుండె పరీక్షలు చేయించామని సందేశం పెట్టారు. పరీక్షలు నిజమే, కానీ రిపోర్టు మామూలుగానే వచ్చిన సంగతి రాయలేదు. దానికి అతను చెల్లెలికి, ‘రిపోర్టు ఫొటో పంపు’ అని మాత్రం రాశాడు.

చివరికి చెప్పకుండా రైలెక్కి వెళ్లారు. అపార్టుమెంటు గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఇంటర్‌కంలో పైకి ఫోన్ చేశాడు. రెండు నిమిషాల తరువాత వచ్చి హిందీలో, ‘లోపలికి పంపవద్దన్నారు’ అన్నాడు. తండ్రికి హిందీ వచ్చు, తల్లికి రాదు. ఆమెకు ఆ మాట తెలుగులో చెప్పాల్సి వచ్చిందంటూ ఆయన నా ముందు మొదటిసారి కంటతడి పెట్టుకున్నారు. రెండు గంటలు గేటు పక్క అరుగు మీద కూర్చుని తిరిగి వచ్చారట.

బంధువులు ఇంకా సలహాలు ఇస్తూనే ఉన్నారు. పోలీసులకు ఫిర్యాదు చేయమని ఒకరు, తల్లిదండ్రుల పోషణ చట్టం కింద కేసు వేయమని ఇంకొకరు, వీలునామా మార్చి ఆ కబురు చెవిన వేయమని మరొకరు. వీటి మీద నా అభిప్రాయం అడిగారు. 36 ఏళ్ల మనిషి రోజూ ఉద్యోగానికి వెళ్తూ, తాను బాగున్నానని రాసి పంపాక పోలీసులు చేయగలిగేది అతనికి ఫోన్ చేసి క్షేమం అడగడం వరకే. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం తమ సంపాదనతో, ఆస్తితో బతకలేని పెద్దవాళ్లకు ట్రిబ్యునల్ ద్వారా నెలనెలా పోషణ ఇప్పిస్తుంది. ఈయనకు పెన్షను ఉంది. పైగా ఏ ట్రిబ్యునలూ కొడుకును ఫోన్‌లో మాట్లాడమని ఆదేశించదు. నోటీసు మాత్రం అతని ఇంటికి వెళ్తుంది. వీలునామా ఆయన ఇష్టం, కానీ దాన్ని ఎరగా వాడితే ఇంతకాలం ‘డబ్బు కోసం కాదు’ అని చెప్పుకుంటున్నది అబద్ధమైపోతుంది. తండ్రి ఈ చివరి మాటకు ఒప్పుకున్నారు, మొదటి రెండింటి మీద కొన్నాళ్లు వాదించారు.

మొదటి నిర్ణయాలు

అతనికి నేను ఫోన్ చేయాలా? తండ్రి కోరిక అదే: ‘మీరు డాక్టరు, మీ మాట వింటాడు.’ చేయనన్నాను. అతని సందేశంలో అభ్యర్థన స్పష్టంగా ఉంది: ఫోన్ చేయవద్దు, ఎవరి చేతా చేయించవద్దు. నేను చేస్తే మేనమామ, వియ్యంకుడు, చెల్లెలు తరువాత నాలుగో రాయబారిని అవుతాను. నా సర్టిఫికెట్ల వల్ల అతను కాదనడం కష్టమవుతుందేమో, అందుకే అది ఇంకా తప్పు.

రెండోది, ఇది ప్రమాదపు సూచనా? కొందరు ఎవరి ఒత్తిడి వల్లో, తీవ్రమైన మానసిక జబ్బు వల్లో, భార్యో భర్తో అదుపులో పెట్టుకోవడం వల్లో అందరికీ దూరమవుతారు. అలాంటప్పుడు వ్యూహం వేరు. నేను చూసేది దూరం ఆకారాన్ని. స్నేహితులు, ఉద్యోగం, డబ్బు, తోబుట్టువులు అన్నీ ఒకేసారి తెగిపోయాయా, లేక తల్లిదండ్రుల దారి ఒక్కటే మూసుకుందా? ఇతను చెల్లెలికి పుట్టినరోజు శుభాకాంక్షలు పంపుతున్నాడు, మేనమామతో మర్యాదగా మాట్లాడాడు, కాలేజీ మిత్రుల పెళ్లికి భార్యతో కలిసి వెళ్లిన ఫొటోలున్నాయి. సందేశాల్లో భాష అతనిదే, ఎప్పటిలా పొట్టిగా, స్పష్టంగా. ఇది ఆలోచించి తీసుకున్న, ఒక వైపుకు మాత్రమే పరిమితమైన నిర్ణయంలా కనిపించింది. కాబట్టి అతని నిర్ణయాన్ని నిర్ణయంగానే తీసుకుందామన్నాను.

మూడోది కోడలు. ‘ఆ అమ్మాయే చేయిస్తోంది’ అన్నది ఇంటి అందరి మాట. 2015లో అమెరికాలో దాదాపు 900 మంది ఎడబాటైన తల్లిదండ్రులను, పెద్దయిన పిల్లలను అడిగి చేసిన ఒక అధ్యయనంలో తల్లిదండ్రులు ఎక్కువగా చెప్పిన కారణాల్లో పిల్లలు కట్టుకున్న సంబంధాలు, పిల్లల స్వార్థం ఉన్నాయి. పిల్లలు ఎక్కువగా చెప్పినవి తల్లిదండ్రుల ప్రవర్తన, తమను ఉన్నట్టుగా అంగీకరించలేదన్న భావన. ఎవరిది నిజమో ఆ అధ్యయనం తేల్చదు. రెండు వైపులా ఒకే కథ నడవడం లేదని మాత్రం చెబుతుంది. ఈ కేసులో కోడలి సిద్ధాంతానికి ఒక చిక్కు ఉంది: కొడుకు ఫోన్లు తగ్గడం పెళ్లికి నాలుగేళ్ల ముందే మొదలైంది. ఆ సంగతి తల్లికి తెలుసు. అప్పుడు దానికి ‘ఆఫీసు పని ఎక్కువ’ అని పేరు పెట్టుకున్నారు.

పని చేయని ప్రయత్నం

మొదట్లో నేను ఎంచుకున్న దారి దుఃఖానికి పేరు పెట్టడం. పాలిన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో, వియత్నాం యుద్ధంలో గల్లంతైన సైనికుల కుటుంబాలతో పనిచేస్తూ, మనిషి ఉన్నాడో లేడో తేలని నష్టాన్ని వర్ణించారు. కర్మకాండ ఉండదు, పరామర్శ ఉండదు, ముగింపు ఉండదు. ఈ ఆలోచన తల్లికి ఊరటనిచ్చింది. ‘చావైతే పదకొండో రోజు వస్తుంది కదా మేడమ్, దీనికి అది లేదు’ అంది. కానీ తండ్రికి అది పనికిరాలేదు. ఆయన తన బాధకు పేరు కోరుకోవడం లేదు, తీర్పు కోరుకుంటున్నారు. ప్రతిసారీ ఫైలు తెరిచేవారు. నేను కాస్త లోతుకు వెళ్దామంటే, ‘ముందు వాడు ఆరోపణ ఏమిటో చెప్పాలి కదా, అప్పుడు జవాబు చెబుతాను’ అనేవారు.

అదే సమయంలో ఆయన సొంతంగా ఒక ఉత్తరం రాసి తెచ్చారు, పోస్టు చేసే ముందు నాకు చూపించాలన్న మాట నిలబెట్టుకున్నారు. సారాంశం ఇది:

‘చిరంజీవికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. నీకు ఏ లోటూ చేయలేదు. నీ చదువు కోసం మీ అమ్మ నగలు తాకట్టు పెట్టిన సంగతి నీకు తెలుసు. తెలిసీ తెలియక ఏదైనా తప్పు చేసి ఉంటే క్షమించు. మీ అమ్మ ఆరోగ్యం రోజురోజుకూ క్షీణిస్తోంది. నీకూ ఒక కొడుకున్నాడు, రేపు వాడు నీకు ఇలాగే చేస్తే ఆ బాధ తెలుస్తుంది. కనీసం కారణం చెప్పడం నీ ధర్మం.’

ఆయన దీన్ని క్షమాపణ అనే నమ్మారు. చదవడం పూర్తయ్యాక నేను ఒకే పని చేయమన్నాను: కొడుకు కుర్చీలో కూర్చుని, ప్రతి వాక్యం పక్కన అది తనను ఏమి అడుగుతోందో రాయమన్నాను. నగల వాక్యం పక్కన, కొంతసేపటికి, ‘కృతజ్ఞత’ అని రాశారు. ఆరోగ్యం వాక్యం పక్కన ‘భయం’. మనవడి వాక్యం పక్కన ఏమీ రాయలేక, ‘ఇది శాపంలా ఉంది’ అన్నారు. ‘తెలిసీ తెలియక ఏదైనా’ అన్నదాని దగ్గర ఆగిపోయారు. అది ఏమి అడుగుతోందని నేనే ప్రశ్నించాను. ‘ఏదీ ఒప్పుకోకుండా క్షమించమని’ అన్నది తల్లి. ఆ మధ్యాహ్నం ఆమె అన్న ఒకే ఒక మాట అది.

ఉత్తరం పోస్టు కాలేదు.

మలుపు: కారణం నుంచి అభ్యర్థనల వైపు

అప్పుడు పనిని మార్చాను. ‘కారణం ఏమిటి’ అన్న ప్రశ్నకు జవాబు కొడుకు దగ్గరే ఉంది, అతను చెప్పడం లేదు. కాబట్టి ఆ ప్రశ్న మీద పనిచేయలేం. దాని బదులు, వారి దగ్గరే జవాబున్న ప్రశ్న ఇచ్చాను: ఇన్నేళ్లలో అతను మిమ్మల్ని ఏది మానేయమన్నాడు? ఎంత చిన్నదైనా సరే, నవ్వుతూ అన్నదైనా సరే, మీరు కాదన్నదైనా సరే.

రెండు షరతులు పెట్టాను. ఇద్దరూ విడివిడిగా రాయాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. అతని మాటను అతని మాటల్లోనే రాయాలి, పక్కన మీ సమాధానం రాయకూడదు. రెండో షరతు తండ్రికి చాలా కష్టమైంది. ఆయన మొదటి జాబితాలో ప్రతి వరుసకూ బ్రాకెట్లో ఒక సంజాయిషీ ఉంది. కొట్టివేసి మళ్లీ రాశారు.

తండ్రి జాబితాలో అయిదు, తల్లి జాబితాలో పదమూడు అంశాలు వచ్చాయి. ఆ తేడా దానికదే ఒక సమాచారం. కొడుకు ఫిర్యాదులు తల్లికి చెప్పేవాడు. ఆమె గొడవ అవుతుందని భర్త దాకా తీసుకువెళ్లేది కాదు, లేదా ‘మీ నాన్నతోనే చెప్పు’ అని ఫోన్ ఆయన చేతికి ఇచ్చేది. అప్పుడు అతను క్రికెట్ గురించి మాట్లాడి పెట్టేసేవాడు.

రెండు జాబితాల్లోనూ ఉన్నది ఒకే ఒక్క అంశం: హాస్టల్ కథ.

పదో తరగతి తరువాత అతన్ని ఇంటర్ ఎంపీసీలో ఐఐటీ కోచింగ్ ఉన్న ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చారు. తెల్లవారుజామున అయిదుకు లేపడం, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు, ప్రతి వారం పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్ మార్చడం. తెలుగు ఇళ్లలో ఇది తెలియనివారుండరు. మొదటి నాలుగు నెలలు అతను ప్రతి ఆదివారం వార్డెన్ ఫోన్ నుంచి ఏడుస్తూ ఇంటికి తీసుకుపోమన్నాడు. ఒక ఆదివారం తండ్రి చూడటానికి వెళ్తే గేటు దాకా ఆయన చొక్కా పట్టుకుని వచ్చాడు. ఆయన వేళ్లు విడదీసి, వాచ్‌మన్‌కు అప్పజెప్పి బస్సెక్కారు. తరువాతి నెల నుంచి పిల్లవాడు అడగడం మానేశాడు. ఐఐటీ రాలేదు కానీ మంచి ఇంజినీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది.

ఇది 20 ఏళ్లు దాటిన సంగతి. అయినా తండ్రి దీన్ని ప్రతి శుభకార్యంలో చెబుతారు. చొక్కా పట్టుకోవడాన్ని అభినయించి చూపిస్తారు. ‘ఆ రోజు నేను కరిగిపోయి ఉంటే వీడు ఈ రోజు ఎక్కడ ఉండేవాడు?’ అని ముగిస్తారు, అందరూ నవ్వుతారు. తల్లి జాబితాలో దీని పక్కన నాలుగు సందర్భాలున్నాయి. ఇంజినీరింగ్‌లో ఉండగా ఒకసారి: ‘అమ్మా, ఆ కథ చెప్పవద్దని నాన్నకు చెప్పు.’ చెల్లెలి పెళ్లప్పుడు, మళ్లీ తన పెళ్లప్పుడు. చివరిది మనవడి పుట్టినరోజుకు ముందు వారం, ఫోన్‌లో: ‘ఈసారి మాత్రం వద్దు. నా కొడుకు ముందు వద్దు.’ ఆమె ఈ చివరిది భర్తకు చెప్పింది. ఆయన తన జాబితాలో రాసుకున్నది దాన్నే.

పుట్టినరోజున ఆయన ఆ కథ చెప్పారు. మనవడిని ఎత్తుకుని, ‘వీడిని కూడా అక్కడే వేస్తాం’ అని కలిపారు. ‘నవ్వులాటకు’ అన్నారు నాతో. కొడుకు ఆ సమయంలో ఏమి చేశాడని అడిగాను. ఆయనకు గుర్తులేదు. పిల్లవాడిని ఆయన చేతుల్లో నుంచి తీసుకుని బయటకు వెళ్లాడని, భోజనాల దగ్గర మళ్లీ కనిపించాడని తల్లి చెప్పింది.

ఇక్కడ తొందరపడకూడదు. ‘దొరికింది, ఇదే కారణం’ అని తండ్రి ఒక్కసారిగా ఉత్సాహపడ్డారు. దీనికి క్షమాపణ చెప్పేస్తే సరిపోతుందని ఆయన లెక్క. నేను ఆపాను. ఆ సంఘటనతో అతని ఓపిక నశించి ఉండవచ్చు, లేదా అది కూడా కాకపోవచ్చు. నాకు ముఖ్యంగా తోచింది వేరు. ‘వాడు ఏమీ చెప్పలేదు’ అని ఈ దంపతులు 14 నెలలుగా నిజాయితీగా నమ్ముతున్నారు, కానీ అతను చెప్పాడు, మళ్లీ మళ్లీ చెప్పాడు. అతను చెప్పినవి వారికి వివరణల్లా వినిపించలేదు, పిల్లవాడి చిరాకులా వినిపించాయి. అలా చూస్తే ఇప్పుడు అతను చెప్పకపోవడం కొంత అర్థమవుతుంది. వివరించడమంటే ఆ మాటను ఇంకోసారి అంచనాకు పెట్టడం: అంత చిన్నదానికా, మేము అలా అనుకోలేదు, నీ మంచికే కదా. అది చాలాసార్లు అనుభవించినవాడు కారణం అడిగితే నోరు మూసుకుంటాడు.

ఇంటి నుంచి ఇలా పూర్తిగా తెగతెంపులు చేసుకోవడం గురించి ముర్రే బోవెన్ అనే మనోవైద్యుడు ఒక మాట చెప్పారు: దూరం జరిగినంత మాత్రాన లోపలి ముడి విడిపోదు, అది అలాగే బిగిసి ఉంటుంది. తండ్రికి ఇది చెప్పినప్పుడు ఆయన, ‘అయితే వాడికీ బాధగానే ఉంటుందా?’ అని అడిగారు. కొడుకు బాధను గురించి ఆయన వేసిన మొదటి ప్రశ్న అది. నా దృష్టిలో మలుపు అక్కడే వచ్చింది.

రెండో ఉత్తరం

కొత్త ఉత్తరానికి కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఒక పేజీ దాటకూడదు. జరిగినది ఒకటే రాయాలి, అదీ పేరు పెట్టి. ‘అయితే’, ‘కానీ’, ‘నీ మంచికే’ ఉండకూడదు. తల్లి ఆరోగ్యం, మనవడు, డబ్బు ప్రస్తావన రాకూడదు. జవాబు అడగకూడదు. చివరగా, అతను అసలు సందేశంలో అడిగినదాన్ని ఇక పాటిస్తామని రాయాలి. ఇదివరకు పాటించలేదు కాబట్టి ఆ సంగతి కూడా రాయాలి.

ఈ చివరి నియమం గురించి దంపతులు గట్టిగా వాదించుకున్నారు. ‘ఇక ఫోన్ చేయం అని మనమే రాసిస్తే వాడికి ఇంకా సులువైపోతుంది కదా’ అని తల్లి భయం. ఆమె భయంలో నిజం ఉంది. ఇలా రాసిన ప్రతి కేసులోనూ జవాబు రాదు. కానీ ఎటూ ఫోన్లు కలవడం లేదు. మానేస్తే వారు కోల్పోయేది ఫోన్ కాల్ కాదు, ప్రయత్నిస్తున్నామన్న ఊరట. ఆ ఊరటకు కొడుకు మూల్యం చెల్లిస్తున్నాడు. ఆ తేడా ఆమెకు అర్థం కావడానికి కొన్ని వారాలు పట్టింది.

తండ్రి చాలాసార్లు తిరగరాసి తేల్చిన ఉత్తరంలో ప్రధాన భాగం ఇది. ఆయన అనుమతితో, కొద్దిగా మార్చి ఇస్తున్నాను:

‘హాస్టల్ గేటు దగ్గర నువ్వు నా చొక్కా పట్టుకున్నావు. నీ వేళ్లు విడదీసి వెళ్లిపోయాను. అప్పుడు నీకు పదిహేనేళ్లు. ఆ తరువాత ఇరవై ఏళ్లు దాన్ని నవ్వుకోవడానికి నలుగురిలో చెప్పాను. చెప్పవద్దని నువ్వు అడిగావు, నీ కొడుకు ముందు వద్దని ప్రత్యేకంగా అడిగావు. అది తెలిసీ చెప్పాను. నీకు అవమానంగా ఉంటుందని నేను ఆలోచించలేదు. ఇక ఎక్కడా చెప్పను. నువ్వు ఫోన్ చేయించవద్దన్నాక కూడా మనుషులను పంపాం, చెప్పకుండా ఇంటికి వచ్చాం. అదీ ఇక ఉండదు. నీకు ఇంకా చెప్పాల్సినవి ఉండవచ్చు. ఎప్పుడు చెప్పినా వింటాను. చెప్పకపోయినా సరే.’

‘ఆశీర్వదించి వ్రాయునది’ తీసేసి, ‘నాన్న’ అని మాత్రం సంతకం పెట్టారు. తల్లి తన వంతుగా నాలుగు వాక్యాలు వేరే కాగితం మీద రాసింది: నువ్వు నాతో చెప్పుకున్నవి నేను నాన్న దగ్గర మింగేసేదాన్ని, లేదా ఫోన్ ఆయన చేతిలో పెట్టేదాన్ని, నిన్ను ఒంటరిగా వదిలేశాను. స్పీడ్ పోస్టులో పంపారు. చెల్లెలి ద్వారా పంపకపోవడం కావాలనే చేసిన పని. ఆమెను మధ్యవర్తిగా వాడితే అతనికి మిగిలిన ఆ ఒక్క దారి కూడా మూసుకుపోవచ్చు. అప్పటికే ఆమె నలిగిపోయి ఉంది. అన్న కబుర్లు అమ్మకు చెబితే అన్న దగ్గర ద్రోహం, చెప్పకపోతే అమ్మ దగ్గర ద్రోహం. ‘అన్నయ్య గురించి నన్ను ఏమీ అడగవద్దు’ అని ఆమె తల్లిదండ్రులకు నా ముందే చెప్పింది. ఒప్పుకున్నారు.

ఎదురుచూసే కాలం

ఉత్తరం చేరినట్టు ట్రాకింగ్‌లో కనిపించింది. తరువాత ఏమీ లేదు. ఈ భాగం గురించి వృత్తిలో ఉన్నవారు తక్కువ రాస్తారు, కానీ ఎక్కువ ఉత్తరాలు ఇక్కడే చెడిపోతాయి. మంచి ఉత్తరం రాసిన మూడో వారంలో ‘అందిందా?’ అని ఇంకొకటి వెళ్తుంది. దాంతో మొదటిది కూడా ఒక ఎత్తుగడగా మారిపోతుంది. అందుకే ముందే ఒప్పందం చేసుకున్నాం: ఏడాది దాకా మరో ఉత్తరం వద్దు, పుట్టినరోజుకు కూడా.

ఆ నెలల్లో నా పని కొడుకుతో సంబంధం లేని విషయాల మీద నడిచింది. తల్లి గుడికి తిరిగి వెళ్లడానికి ఒక వాక్యం తయారుచేసుకుంది: ‘బాగున్నాడండీ, ఈ మధ్య మాకు మాటలు తక్కువ.’ అబద్ధం కాదు, వివరణ కాదు, దానికి కొనసాగింపు ప్రశ్న రాదు. తండ్రి ఫైలును బీరువా పైన పెట్టారు. పారేయమని నేను అనలేదు. ఒక బంధువుల పెళ్లిలో ఎవరో ‘ఆ హాస్టల్ కథ చెప్పండి బావగారూ’ అన్నారట. ‘అది వాడి కథ, నేను చెప్పను’ అన్నారట ఈయన. దాన్ని కొడుకు వినలేదు. ఎవరైనా అతనికి చేరవేసి ఉండవచ్చు, తెలియదు. ఆయన చేరవేయమని ఎవరికీ చెప్పలేదు. నాకది ముఖ్యం.

ఎనిమిదో నెలలో తండ్రికి ఈమెయిల్ వచ్చింది. మొదటి వాక్యం, ‘ఉత్తరం చదివాను.’ హాస్టల్ సంగతి నిజమని, అదొక్కటే కాదని, మిగతావి చెప్పే స్థితిలో లేనని రాశాడు. తరువాత షరతులు: ఈమెయిల్ మాత్రమే, నెలకు ఒకటి మించవద్దు, బంధువుల ప్రస్తావన వద్దు, తన భార్య గురించి ఒక్క మాట కూడా వద్దు. చివర్లో, ‘అమ్మ రాసినది కూడా చదివాను’ అని ఉంది.

తండ్రి అదే రోజు ‘ఆ మిగతావి ఏమిటి?’ అని రాయబోయారు. ముందు నాకు ఫోన్ చేసి అడిగారు, అది నయం. ఆ ప్రశ్న పాత ఉత్తరంలోని ‘కారణం చెప్పడం నీ ధర్మం’కు మరో రూపమేనని ఆయనకే తట్టింది. మూడు వాక్యాల జవాబు వెళ్లింది: నీ షరతులు అర్థమయ్యాయి, పాటిస్తాం, రాసినందుకు సంతోషం.

ఇప్పటి స్థితి

ఆ తరువాత ఏడాది గడిచింది. ఈమెయిళ్లు నెలకు ఒకటి కూడా రావు, రెండు మూడు నెలలకు ఒకసారి వస్తాయి. ఎక్కువగా వాతావరణం, ఉద్యోగం, ఒకసారి మనవడి గురించి ఒక చిన్న వార్త. ఫొటో పంపలేదు, వీరు అడగలేదు. ఒక మెయిల్‌లో మాత్రం ఇంటర్ రెండో ఏడాదిలో జరిగిన ఒక విషయం రాశాడు. అది ఏమిటో నేను ఇక్కడ రాయను. తండ్రికి అది అస్సలు గుర్తులేదు. ‘జరగలేదని రాయనా?’ అని నన్ను అడిగారు. ‘మీకు గుర్తులేదు అన్నది ఒకటి, జరగలేదు అన్నది ఇంకొకటి, మీకు తెలిసింది ఏది?’ అని అడిగాను. ‘నాకు గుర్తులేదు, నీకు ఉన్నందుకు బాధగా ఉంది’ అని రాశారు. దానికి కొడుకు ఏమీ అనలేదు. తరువాతి మెయిల్ మామూలు సమయానికే వచ్చింది.

కోడలి మీద అనుమానం ఇద్దరిలోనూ పూర్తిగా పోలేదు. తండ్రి దాన్ని ఇప్పుడు నా గదిలో మాత్రమే మాట్లాడతారు. తల్లి మందులు సైకియాట్రిస్టు తగ్గిస్తున్నారు, నిద్ర మెరుగుపడింది. ఈ దసరాకు రమ్మని రాయాలా వద్దా అని మొన్న ఇద్దరూ చర్చించారు. ఆమె రాయమంది, ఆయన వద్దన్నారు. ఏడాదిన్నర క్రితం ఇది తలకిందులుగా ఉండేది. చివరికి తల్లి తన పేరు మీద రాసింది: పండగకు మేము ఇంట్లోనే ఉంటాం, నీ నుంచి ఏమీ ఎదురుచూడటం లేదు, తెలియజేస్తున్నాను అంతే. ఇది రాసే నాటికి జవాబు రాలేదు.